అత్తయ్య దగ్గర లేని వస్తువు

మా అత్తయ్య పుట్టినరోజు దగ్గర పడుతోందంటే నాకు దిగులు మొదలవుతుంది. ఆవిడ మంచి మనిషే, గొంతెత్తి ఎవరినీ ఒక్క మాట అనదు. ఇచ్చిన కానుక విప్పుతుంది, అటూ ఇటూ తిప్పి చూస్తుంది, చిన్నగా నవ్వుతుంది, "ఉంది కదమ్మా" అంటుంది. అంతే. తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనుకోవచ్చు. ఉన్నదాన్ని ఉంది అనే మనిషిని ఏం చేస్తాం?

ఉంది అంటే నిజంగానే ఉంది. ఆ వంటింట్లో లేని వస్తువు పేరు చెప్పినవాళ్ళకి నేను బహుమతి ఇస్తాను. మిక్సీలు పెద్దదీ చిన్నదీ, పిండి కలిపేది, రొట్టె దానంతటదే కాల్చేది, నూనె లేకుండా వేయించేది, పొద్దున పడేస్తే మధ్యాహ్నానికి తాపీగా ఉడికించేది, చెర్రీ పండులోంచి గింజను పొడిచి బయటకు తోసేది. మా ఊళ్ళో చెర్రీలు దొరికేదే ఎప్పుడో ఒకసారి, దొరికిన ఆ ఒక్కసారికి ఈవిడ సిద్ధంగా ఉంది. గిన్నెలు కడిగే మెషీన్ కూడా ఉంది. కాకపోతే అందులో పట్టేవి కప్పులూ కంచాలే, పెద్ద గిన్నెలన్నీ మళ్ళీ సింకులోకే.

నా ఉద్యోగం చెబితే మీరు నవ్వుతారు. ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే కంపెనీలో, కొన్న వస్తువు వద్దని వెనక్కి పంపేవాళ్ళ ఫోన్లు ఎత్తడం నా పని. అందులో సగం వంటింటి సామానే. "మా అమ్మకి ఇచ్చానండీ, ఆల్రెడీ ఉందట" అని రోజుకి ఎంతమంది నా చెవిలో ఏడుస్తారో లెక్కలేదు. వాళ్ళందరినీ ఓదార్చి, ఇంటికొచ్చి, మా అత్తయ్యకి ఏం కొనాలా అని నేను ఏడుస్తాను.

పెళ్ళయిన మొదటి ఏడాది కూరగాయల్ని దారాల్లా తరిగే చక్రం కొనిచ్చాను. "ఉంది కదమ్మా. దీనికంటే కాస్త పెద్దది" అంది. రెండో ఏడాది కసిగా ఎలక్ట్రిక్ గ్రిల్ కొన్నాను. "ఉంది కదమ్మా" అంది. దాని అట్టపెట్టె కూడా విప్పలేదు. ఫ్రిజ్ పక్కన నేలమీద పెట్టారు, ఏడాదిగా అక్కడే ఉంది. ఆ ఇంట్లోకి అడుగుపెట్టిన ప్రతిసారీ అది నా వంక చూసి వెక్కిరిస్తుంది. మా తోడికోడలు నాకంటే సీనియరు కాబట్టి నాకంటే ఎక్కువసార్లు ఓడిపోయింది. అయినా ప్రతి ఏడాదీ నా పెట్టె వంకే చూస్తుంది, నాది ఎక్కడ నెగ్గుతుందోనని.

ఇక మా మామయ్యగారు. ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు, ఇప్పుడు పని మానేశారు, అధికారం మాత్రం మానలేదు. ఆరడుగుల మనిషి. కొడుకులిద్దరూ ఆయన పోలికే, గుమ్మాల కింద తల వంచుకొని వెళ్ళే రకం. పెద్దకోడలిని కూడా వెతికి వెతికి పొడుగుపిల్లనే తెచ్చుకున్నారు. మా ఆయన నన్ను ప్రేమించి తీసుకొచ్చిన రోజున మామయ్యగారు నన్ను పైనుంచి కిందకి చూసి, ఆ చూపుకి ఎక్కువ సమయం పట్టలేదు లెండి, "ఇంటికి ఇంకో బుడంకాయ వచ్చిందిరా!" అన్నారు. మొదటి బుడంకాయ అత్తయ్య. ఆవిడా నేనూ పక్కపక్కన నిలబడితే మా నెత్తిమీద బల్లపరుపుగా పలక పెట్టొచ్చు. అప్పట్నుంచీ ఆవిడ పెద్ద బుడంకాయ, నేను చిన్న బుడంకాయ.

ఆ వంటింట్లో మామయ్యగారి ప్రాణం ఒకటుంది: వంటగట్టు. నల్లరాయి పరిచి, అంచులు గుండ్రంగా అరగదీసి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే రాయి. ఇంటికి ఎవరొచ్చినా, గ్యాస్ సిలిండర్ ఇచ్చేవాడొచ్చినా సరే, వంటింట్లోకి తీసుకెళ్ళి దాని ముందు నిటారుగా నిలబడి, రెండు అరచేతులూ రాయి మీద ఆనించి చూపిస్తారు. "చూడు, నడుం వంచక్కర్లేదు! ఊరందరికీ కట్టే కొలత మన ఇంటికెందుకని దగ్గరుండి స్పెషల్‌గా కట్టించా. మా ఆవిడకి నేనిచ్చిన కానుక ఇది" అంటారు. అత్తయ్య పక్కనే నిలబడి నవ్వుతుంది. నేనూ ఇన్నాళ్ళూ నవ్వుతూనే ఉన్నాను. నా వంటిల్లు వేరే, పై వాటాలో. దాన్ని అద్దెకిద్దామని కట్టించారు కాబట్టి అక్కడి గట్టుకి ఊరందరి కొలతే సరిపోయింది.

ఈ ఏడాది పుట్టినరోజుకి ముందు అత్తయ్యకి కుడిభుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి వెళ్ళడం లేదు. ఒక ఆదివారం పొద్దున మా బావగారు కారు తెచ్చి ఆవిడని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అందరూ మధ్యాహ్నం భోజనానికి అత్తయ్యా వాళ్ళింటికే రావాలి. తోడికోడలికి ఆదివారం తలస్నానం ఉంటుంది, ఆ స్నానం మధ్యాహ్నం దాకా ఉంటుంది. కాబట్టి వంట నా నెత్తిన పడింది. మొదటిసారి అత్తయ్య వంటింట్లో నేనొక్కదాన్నే నిలబడ్డాను.

మనసులో అనుకున్నాను: ఈ మెషీన్ డబ్బాలేవీ ముట్టుకోను, ఒక కత్తి, ఒక చెక్క, ఒక గిన్నె చాలు, వంటంటే ఏమిటో చూపిస్తానని. ఉల్లిపాయలు ముందు పెట్టుకున్నాను. గట్టు నాకు పక్కటెముకల దాకా వచ్చింది. కత్తి పట్టుకుంటే మోచేతులు రెండూ కోడిరెక్కల్లా పక్కలకి లేచాయి. పైనుంచి నొక్కడానికి బరువు చాలదు, భుజాలు చెవుల దగ్గరికెళ్ళి కూర్చున్నాయి. నాలుగు ఉల్లిపాయలు తరిగేసరికి మెడ దగ్గర సలుపు మొదలైంది. తిట్టుకుంటూ తరిగే మెషీన్ తీశాను. సరే, ఇదొక్కటే అనుకున్నాను.

రొట్టెలపిండి కలపబోయాను. పిండిని అరచేతి మడమతో తొక్కాలంటే మనిషి దానికంటే పైన ఉండాలి, ఒంటి బరువు దాని మీద పడాలి. నేనేమో పిండికి ఎదురుగా ఉన్నాను, ముఖాముఖి మాట్లాడుకుంటున్నట్టు. పిండి కలిపే మెషీన్ తీశాను. కూర పొయ్యి మీదికెక్కించాక ఇంకో చిత్రం. గట్టు మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె, గిన్నె అంచు దగ్గర నా కళ్ళు. లోపల ఏం జరుగుతోందో ఆ కూరకే తెలియాలి. గరిటె తిప్పాలంటే చెయ్యి భుజం కంటే పైకెత్తాలి, ఆవిరంతా ముఖానికే. గిన్నె దింపేసి, తాపీగా ఉడికించే కుండలో పడేసి, దాన్ని పక్కన స్టూలు మీద పెట్టి స్విచ్ నొక్కాను.

అప్పుడు ఆగి చుట్టూ చూశాను. పొద్దున్నుంచి నేను వెక్కిరించిన డబ్బాలన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చి నా ముందు కూర్చున్నాయి. అదిగో, అప్పుడర్థమైంది. అత్తయ్యకి వంట పరికరాల పిచ్చి లేదు. ఆవిడ ఇన్నేళ్ళుగా కొనుక్కున్నవన్నీ భుజం ఎత్తకుండా ఉండటానికి దొరికిన దారులు. తరగలేక ఒకటి, పిసకలేక ఒకటి, కలపలేక ఒకటి. మేమేమో ప్రతి ఏడాదీ తగుదునమ్మా అని ఇంకో డబ్బా మోసుకెళ్ళి, ఉంది కదా అంటే ముఖాలు మాడ్చుకున్నాం.

ఫ్రిజ్ పక్కనున్న నా గ్రిల్ పెట్టె కనిపించింది. చదునైనది, జానెడు ఎత్తు. గట్టు ముందుకు ఈడ్చి దాని మీద ఎక్కి నిలబడ్డాను. భుజాలు దిగాయి. మోచేయి గట్టు కంటే బెత్తెడు పైకి వచ్చింది. మిగిలిపోయిన రెండు ఉల్లిపాయల్లో ఒకటి తీసి కత్తితో తరిగితే, కత్తి దానంతటదే దిగింది. నేనిచ్చిన కానుక ఆ ఇంట్లో మొదటిసారి పనికొచ్చింది. రెండో ఉల్లిపాయకి పెట్టె ఒక మూల కుంగి, నేను ఫ్రిజ్ తలుపు పట్టుకొని వేలాడాను. పనికిరావడం కూడా అంతసేపే.

భోజనాల దగ్గర బావగారు డాక్టరు సంగతి చెబుతూ ఒకటే నవ్వు. "ఆ డాక్టరు ఏమడిగాడో తెలుసా? మీ అమ్మగారు ఇళ్ళకి రంగులేస్తారా అని! చేతులు పైకెత్తి చేసే పని ఏదో ఏళ్ళ తరబడి చేస్తున్నారు, అది మానిపించండి అన్నాడు. అమ్మ, రంగులు!"

అందరూ నవ్వారు. మామయ్యగారు మరీ నవ్వి పొరబోయారు. నేను అత్తయ్య వంక చూశాను. ఆవిడ కంచంలోకి చూస్తోంది.

"అసలు విషయమేంటంటే," అంది మా తోడికోడలు, "మా ఆయనా నేనూ ఒక నిర్ణయానికొచ్చాం. ఈసారి విడివిడిగా కానుకలొద్దు. అన్నీ ఉన్న మనిషికి ఇంకేం ఇస్తాం చెప్పండి? అందరం కలిసి అత్తయ్యకి ఒక వంటమనిషిని ఇద్దాం. పుట్టినరోజు నుంచే పనిలోకి వస్తుంది. అత్తయ్య ఇక వంటింట్లో అడుగే పెట్టక్కర్లేదు. ఎలా ఉంది?"

"బ్రహ్మాండం!" అన్నారు మామయ్యగారు. "ఎంత చాకిరీ చేసిందో పాపం. ఏమోయ్, ఏమంటావ్?"

"మీ ఇష్టం," అంది అత్తయ్య. అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను వెనకాలే వెళ్ళాను. ఆవిడ తుడిచిన మిక్సీనే మళ్ళీ తుడుస్తోంది, ఎడమచేత్తో. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"భుజం పోతే పోయిందనుకుంటానే," అంది నా వైపు తిరక్కుండా. "వంటిల్లు పోతే నేనేం చెయ్యాలి? సోఫాలో కూర్చుని ఇంకెవరో వేసిన తాలింపు వాసన చూడాలా?"

ఆ క్షణంలో తోడికోడల్ని పచ్చడి చేసేద్దామనిపించింది. కానీ పాపం ఆవిడ తప్పేముంది, డాక్టరు మానిపించమన్న పనిని ఆవిడ మానిపిస్తోంది. ఆ పని వంట అనుకుంది, అంతే.

"అత్తయ్యా, ఇది వంట వల్ల రాలేదు. ఈ గట్టు ఎత్తు వల్ల..."

ఆవిడ చటుక్కున తిరిగి నా నోటికి మిక్సీ గుడ్డ అడ్డం పెట్టినంత పనిచేసింది. గుమ్మం వైపు ఒకసారి చూసింది. "ష్! ఆ మాట ఈ ఇంట్లో అనకు. ఆయన గట్టు జోలికి మాత్రం వెళ్ళకమ్మా. బాధపడతారు."

"మీ భుజం పోయినా?"

"నా భుజం నేను చూసుకుంటాలే."

ఏం చూసుకుంటుందో నాకు తెలుసు. ఇంకో డబ్బా కొనుక్కుంటుంది. ఇప్పుడైతే అది కూడా అక్కర్లేదు, మనిషే వస్తోంది. ఆ రోజంతా నాకు ఒకటే ఆలోచన. నోరు విప్పితే మామయ్యగారి ప్రాణం మీద చెయ్యేసినట్టు. విప్పకపోతే పుట్టినరోజున కొత్త మనిషి కొంగు బిగించుకుని ఆ వంటింట్లోకి నడుస్తుంది, అత్తయ్య సోఫాలోకి నడుస్తుంది. మా ఆయనకి చెబితే, "నాన్న గట్టుకి వంక పెడతావా? నీకేమైనా పిచ్చా?" అన్నాడు. ఆరడుగుల మనుషులకి కొన్ని విషయాలు కనపడవు, అవి వాళ్ళ కంటికి కింద ఉంటాయి.

నేను నోరు విప్పలేదు. వడ్రంగి దగ్గరికి వెళ్ళాను.

"గట్టు ముందు వేసుకోవడానికి బల్ల కావాలి. మెట్టంత ఎత్తు. మనిషి దాని మీద నిలబడి వంట చెయ్యాలి," అన్నాను.

వడ్రంగి చెవి వెనక పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. "నాటకాల స్టేజీలు చేశానండి. వంటకి స్టేజీ ఎవరూ అడగలేదు."

"నేనడుగుతున్నా కదా."

గట్టు ఎత్తు టేపుతో కొలిచి తెచ్చాను. అత్తయ్య మోచేయి ఎక్కడికొస్తుందో కొలవక్కర్లేదు, నా మోచేయి నా దగ్గరే ఉంది. అతని దుకాణంలో గట్టు ఎత్తున్న బల్లొకటి చూసుకుని, దాని ముందు చెక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, చెప్పులు విప్పి ఎక్కాను. మోచేయి గట్టుకి బెత్తెడు పైకి వచ్చేదాకా చెక్కలు వేస్తూ పోయాం. తరగడానికి అదీ కొలత. పిండి పిసకడానికి ఇంకొంచెం ఎత్తైనా తప్పులేదు కానీ, మరీ ఎక్కితే నడుం వంగుతుంది, భుజం నొప్పి పోయి నడుం నొప్పి వస్తుంది. అప్పుడు నేను ఇంకో కానుక వెతుక్కోవాలి.

వెడల్పు దగ్గర అతనికీ నాకూ గొడవైంది. అతను సన్నగా చాలన్నాడు. వంట చేసేవాళ్ళు నూనె చిటపటమంటే వెనక చూసుకోకుండా ఒక అడుగు వెనక్కి వేస్తారు, ఆ అడుగు కూడా బల్ల మీదే పడాలని నేను. అతని దుకాణంలోనే నూనె చిందినట్టు వెనక్కి గెంతి చూపించాను. రంపం పట్టుకున్న ఇద్దరు పనివాళ్ళు పని ఆపేసి చూశారు. చివరికి వెడల్పుగానే చేశాడు. మూడు ముక్కలుగా, అడుగు తుడుచుకునేటప్పుడు ఎత్తుకునేలా, మూడూ ఒకదానికొకటి కొక్కేలతో పట్టుకునేలా. కింద జారకుండా రబ్బరు, పైన గరుకు పట్టీ, అంచంతా కంటికి కొట్టే పసుపు రంగు, కాలు తప్పకుండా. ఫ్రిజ్ దగ్గర్నుంచి పొయ్యి దాకా, పొయ్యి దాటి తరిగే చోటు దాకా. సింకు ముందు మాత్రం వద్దన్నాను. అక్కడ ఎప్పుడూ నీళ్ళు పడతాయి, చెక్క జారుతుంది.

పుట్టినరోజు పొద్దున మా ఆయన, నాకు పిచ్చేనని గొణుక్కుంటూనే, వడ్రంగితో కలిసి ఆ మూడు ముక్కలూ హాల్లోకి మోసుకొచ్చాడు. నేను మెరుపు కాగితం చుట్టి రిబ్బను కట్టాను. అలా నేలమీద పడుకోబెడితే అది అచ్చం శవపేటికలా ఉంది. బావగారు లోపలికొస్తూనే ఠక్కున ఆగి, "ఎవరు?" అన్నాడు.

"విడివిడిగా కానుకలొద్దనుకున్నాం కదా?" అంది తోడికోడలు. కళ్ళు మాత్రం నా రిబ్బను మీదే. ఆవిడ పక్కన కొత్త వంటావిడ చేతిసంచీతో నిలబడి ఉంది, ఎవరైనా వంటిల్లు ఎటో చూపిస్తే వెళ్దామని.

అత్తయ్య వచ్చి కాగితం విప్పింది. అటూ ఇటూ చూసింది, తిప్పడానికి అది తిరిగే వస్తువు కాదు. "ఉంది కదమ్మా" మాత్రం అనలేదు.

"ఏంటిది? మంచమా?" అన్నారు మామయ్యగారు.

"వంటగట్టు ముందు వేసుకునే బల్లండీ మామయ్యగారూ. అత్తయ్య నిలబడటానికి."

ఆయన కాంట్రాక్టరు. కొలత చెప్పక్కర్లేదు, చూపుతోనే ఎత్తు లెక్క కట్టేశారు. ముఖం కందగడ్డ అయిపోయింది.

"అంటే? నా గట్టు ఎత్తెక్కువైందనా? ఎన్ని వంటిళ్ళు కట్టుంటానో తెలుసా నీకు? ఒక్కళ్ళు వేలెత్తి చూపించారా? అది నడుం వంచక్కర్లేకుండా..."

"ఎవరి నడుమండీ?" అన్నాను. అనేశాను. మా ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"అసలు ఆ గట్టు నేను మీ అత్తయ్య కోసం..."

"ఏవండీ," అంది అత్తయ్య. "కాస్త ఆ బల్ల లోపల వెయ్యించండి. చూద్దాం."

కొడుకులిద్దరూ మోసి లోపల పరిచారు. కొక్కేలు టకటకా పడ్డాయి. అందరం వంటింటి గుమ్మంలో కిక్కిరిసి నిలబడ్డాం. అత్తయ్య చెప్పులు వదిలి, బల్ల మీదికెక్కి, గట్టు వైపు తిరిగింది. రెండు అరచేతులూ రాయి మీద ఆనించింది, ఇన్నేళ్ళుగా మామయ్యగారు అందరికీ చూపించినట్టే. కాసేపు అలాగే నిలబడింది. వెనకనుంచి మాకు ఆవిడ భుజాలు కనిపిస్తున్నాయి. అవి మెల్లగా దిగాయి. ఆవిడ మెడ అంత పొడుగుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

తరిగే మెషీన్‌ని పక్కకి నెట్టింది. సొరుగు అడుగున ఎక్కడో ఉన్న మామూలు కత్తి తీసింది. ఉల్లిపాయ తీసి రెండు చేసి, బోర్లించి, తరగడం మొదలుపెట్టింది. టకటకటక. ఆ చప్పుడు ఆ వంటింట్లో నేనెప్పుడూ వినలేదు. మా ఆయన కూడా విని ఉండడు. ముక్కలన్నీ ఒకే తీరుగా, పలచగా, గుట్టగా పడ్డాయి.

"అత్తయ్యా, భుజం..." అంది తోడికోడలు, నిజంగానే భయపడి.

"లేవట్లేదుగా భుజం," అంది అత్తయ్య. "చూడు."

మామయ్యగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. కోపమంతా ఎటుపోయిందో, గొంతు పీలగా వచ్చింది. "అలాంటప్పుడు ముందే చెప్పొచ్చు కదా. నాకు తెలిస్తే కొట్టించి మళ్ళీ కట్టించేవాణ్ణి కదా. ఒక్క మాట చెప్పావా?"

కత్తి ఆగింది.

"చెప్పానండీ. గట్టు కట్టిన రోజే చెప్పాను. ఎత్తెక్కువైందేమోనండీ అన్నాను. 'అలవాటవుతుందిలే' అన్నారు." ఆవిడ గొంతులో కోపం లేదు. "సరే, అలవాటవుతుందేమోనని చూశాను."

మామయ్యగారు ఏదో అనబోయి నోరు మూసుకున్నారు. ఆయన నోరు దానంతటదే మూసుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది, నిజం చెప్పొద్దూ. అంత ప్రేమగానే కట్టించారు. పక్కనున్న మనిషిని ఒకసారి నిలబెట్టి చూసుకోలేదు, అంతే.

అత్తయ్య నా వైపు తిరిగింది. బల్ల మీద నిలబడి ఉండటంతో మొదటిసారి ఆవిడ నన్ను పైనుంచి చూసింది.

"చిన్న బుడంకాయా," అంది. "ఇది లేదే నా దగ్గర."

నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయల వల్ల అని చెప్పాను. తోడికోడలు కూడా కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఉల్లిపాయలకి దూరంగానే ఉంది.

"మరి... నేనండీ?" అంది కొత్త వంటావిడ, చేతిసంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ.

"నువ్వు కూర్చోమ్మా, భోంచేసి వెళ్దువుగాని. వంట నేనే చేస్తున్నా," అంది అత్తయ్య. మళ్ళీ ఏదో ఆలోచించి కొడుకుల వంక చూసింది. "నాకు నిజంగా సాయం చేద్దామనుకుంటే వంటకి కాదురా మనిషి కావాల్సింది. ఆ పెద్ద గిన్నెలు కడగడానికి. సింకు దగ్గరికి ఈ బల్ల రాలేదు."

అందరం సింకు వైపు చూశాం. అదే గట్టు, అదే ఎత్తు. దాని ముందు నేల నేలలాగే ఉంది. తర్వాత, ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే, అందరం మామయ్యగారి వైపు చూశాం.

"ఏంటి?" అన్నారు ఆయన. "నేనా?"

"నడుం వంచక్కర్లేదండీ మీకు," అంది అత్తయ్య.

ఆయన మా అందరి ముఖాలూ చూశారు. బావగారు పైకప్పు వైపు చూస్తున్నాడు. మా ఆయన పెదాలు బిగబట్టుకున్నాడు. మామయ్యగారు గట్టిగా గొంతు సవరించుకుని, చేతి గడియారం విప్పి జేబులో వేసుకుని, చొక్కా చేతులు పైకి మడిచి సింకు ముందుకు వెళ్ళి నిలబడ్డారు. పీచు ఎటు పట్టుకోవాలో అడిగి తెలుసుకున్నారు. మొదటి గిన్నె దగ్గర నీళ్ళు ఆయన పొట్ట మీద ఎక్కువ పడ్డాయి, గిన్నె మీద తక్కువ పడ్డాయి. రెండో గిన్నె పరవాలేదు. మూడో గిన్నె దగ్గర ఆయన చేతులు ఒక వాటం దొరకబుచ్చుకున్నాయి. వీపు నిటారుగా ఉంది, మోచేతులు హాయిగా ఉన్నాయి. ఆ సింకుకీ ఆ మనిషికీ అచ్చు గుద్దినట్టు కుదిరింది.

ఆ కుదిరిన సంగతి ఆయనకీ తెలిసింది. గిన్నె చేత్తో పట్టుకునే మా వైపు తిరిగారు, ముఖం వెలిగిపోతూ.

"చూశారా? నేను చెప్పలా? ఎంతసేపు కడిగినా నడుం నొప్పెట్టదు. కొలతంటే అదీ!"

"అవునండీ," అంది అత్తయ్య, పోపు గరిటె పొయ్యి మీద పెడుతూ. "భలే కట్టించారు. ఇక రోజూ కడగొచ్చు."

ఆయన హుషారుగా ఇంకో గిన్నె అందుకున్నారు. అత్తయ్య బల్ల పసుపు అంచు మీద నుంచి నా వైపు వంగింది. ఆరడుగుల మొగుడు నురగలో మోచేతుల దాకా మునిగి గిన్నె రుద్దుతుంటే కాసేపు కన్నార్పకుండా చూసి, నా చెవి దగ్గర గొంతు తగ్గించి చెప్పింది.

"ఇది కూడా లేదే నా దగ్గర, ఇన్నాళ్ళూ."